రిజెక్ట్ చేసిన మేనేజర్‌నే మరో పోస్టు అడగొచ్చా?

చివరి రౌండ్ దాకా వెళ్లారు. రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది: ‘మీ సమయానికి ధన్యవాదాలు. ఈ పోస్టుకు మరో అభ్యర్థిని ఎంపిక చేశాం’. చాలామంది దాన్ని చదివి పక్కన పెట్టేస్తారు. కొందరు మాత్రం ఆ రాత్రే ‘సర్, ఇంకేదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి, ఏ పనైనా చేస్తాను’ అని జవాబిస్తారు. అలాంటి మెయిల్‌కు స్పందన రావడం చాలా అరుదు. మేనేజర్ మనసు రాయి అని కాదు. ఆ మెయిల్ అందుకుని తాను ఏం చేయాలన్నది అందులో ఉండదు, అంతే.

అటువైపు ఏం జరుగుతుంది?

హైరింగ్ మేనేజర్ చేతిలో ఉండేది సాధారణంగా తన టీమ్‌కు మంజూరైన పోస్టు మాత్రమే. కంపెనీలో మిగతా పోస్టులకు వేరే మేనేజర్లు, వేరే రిక్రూటర్లు ఉంటారు. ప్రతి పోస్టుకూ విడిగా ఒక జాబ్ ఐడీ ఉంటుంది. కాబట్టి ‘ఇంకేదైనా’ అని అడిగితే మీ కోసం ఆయనే కూర్చుని వెతకాలి. అంత తీరిక ఎవరికీ ఉండదు.

కానీ ఆయన ఒక పని సులువుగా చేయగలరు. మీ మెయిల్‌ను సంబంధిత రిక్రూటర్‌కు ఫార్వర్డ్ చేస్తూ ‘ఈ అభ్యర్థిని మేం ఇంటర్వ్యూ చేశాం, మీ పోస్టుకు చూడండి’ అని ఒక లైను రాయగలరు. చాలా కంపెనీల్లో ప్యానెల్ సభ్యులు ఒక్కో నైపుణ్యం గురించి విడివిడిగా అభిప్రాయం నమోదు చేస్తారు. ఒకదాంట్లో మీరు తగ్గినా, మిగతా వాటిలో బాగా చేశారన్న మాట ఆ రికార్డులో ఉంటుంది. మీ మెయిల్ దాన్ని గుర్తు చేసి, ఆ ఫార్వర్డ్‌ను తేలిక చేయాలి.

ఇది అందరికీ పనికిరాదు. ఆన్‌లైన్ టెస్టులోనే ఆగిపోతే మేనేజర్‌కు మీరెవరో తెలియదు, కొత్తగా అప్లై చేయడమే దారి. క్యాంపస్ డ్రైవ్ అయితే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ద్వారానే వెళ్లండి. మేనేజర్ మెయిల్ ఐడీ లేకపోతే ఇంటర్వ్యూ టైమ్ ఖరారు చేసిన రిక్రూటర్‌కు రాయండి.

ఒక ఉదాహరణ చూద్దాం

గుంటూరులో ఎంసీఏ చేసిన ఒక అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్ పోస్టుకు మూడు రౌండ్లు వెళ్లిందనుకుందాం. మూడో రౌండ్‌లో మల్టీథ్రెడింగ్ దగ్గర తడబడింది. రెండో రౌండ్‌లో మాత్రం ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదైన లాగ్ ఇచ్చి కారణం చెప్పమన్నారు. సర్వర్ నుంచి జవాబు ఆలస్యమైతే యాప్ అదే రిక్వెస్ట్‌ను మళ్లీ పంపుతోందని, అది పాతదేనని గుర్తించే ఏర్పాటు సర్వర్‌లో లేదని పట్టేసింది. దాన్ని ముందే పసిగట్టే టెస్టు ఎలా రాయాలో కూడా చెప్పింది.

రిజెక్షన్ వచ్చాక ఆమె కంపెనీ కెరీర్స్ పేజీ చూసింది. టెస్ట్ ఆటోమేషన్ ఇంజినీర్ పోస్టు ఖాళీగా ఉంది. వాళ్లు అడిగినవి నాలుగు: జావా, ఎస్‌క్యూఎల్, ఏపీఐ టెస్టింగ్, సెలీనియం. మొదటి మూడూ ఆమెకు బాగా వచ్చు. నాలుగోది కొద్దిగా తెలుసు. ఇంగ్లిష్‌లో ఆమె రాయాల్సిన మెయిల్ తెలుగులో ఇలా ఉంటుంది:

‘నమస్తే సర్, మీ నిర్ణయం తెలియజేసినందుకు థాంక్స్. బ్యాకెండ్ పోస్టుకు మల్టీథ్రెడింగ్‌లో నేను ఇంకా సిద్ధం కావాలని ఇంటర్వ్యూలోనే అర్థమైంది.

మీ కెరీర్స్ పేజీలో టెస్ట్ ఆటోమేషన్ ఇంజినీర్ పోస్టు చూశాను. జాబ్ ఐడీ కింద ఇస్తున్నాను. రెండో రౌండ్‌లో చెల్లింపు రెండుసార్లు నమోదవడానికి కారణం కనిపెట్టి, దానికి టెస్టు ఎలా రాయొచ్చో వివరించాను. ఈ పోస్టుకు అడిగిన జావా, ఎస్‌క్యూఎల్, ఏపీఐ టెస్టింగ్ నాకు వచ్చు. సెలీనియం మాత్రం కాలేజీ ప్రాజెక్టు వరకే వాడాను.

మీకు సబబనిపిస్తే ఈ మెయిల్‌ను ఆ పోస్టు చూస్తున్న రిక్రూటర్‌కు పంపగలరా? నేను విడిగా అప్లై చేయడమే పద్ధతి అయితే అలాగే చేస్తాను. రెజ్యూమె జత చేశాను.’

ఇందులో ‘నన్ను మళ్లీ చూడండి’ అన్న బతిమాలుడు లేదు. మేనేజర్ నిర్ణయంపై వాదన లేదు. అడిగింది ఒక్క పోస్టు, చూపించింది ఆయన ప్యానెల్ ముందే జరిగిన ఒక్క పని, కోరింది ఒక్క క్లిక్కు. రాని విషయాన్ని కూడా దాచలేదు కాబట్టి, ఫార్వర్డ్ చేస్తే తన మాట పోతుందేమోనన్న భయం ఆయనకు ఉండదు. జత చేసిన రెజ్యూమెలో కూడా టెస్టింగ్‌కు సంబంధించిన పనులు పైకి రావాలి. పాత రెజ్యూమెనే పంపితే రిక్రూటర్‌కు మళ్లీ బ్యాకెండ్ అభ్యర్థే కనిపిస్తుంది.

ఎప్పుడు పంపాలి?

రిజెక్షన్ మెయిల్ వచ్చిన ఒకటి రెండు పనిదినాల్లో పంపండి. ఆలస్యమైతే ఇంటర్వ్యూ మర్చిపోతారు, ఆ పోస్టు కూడా నిండిపోవచ్చు. కొత్త మెయిల్ కాకుండా పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. మీరెవరో, ఏ పోస్టుకు వచ్చారో కిందే కనిపిస్తుంది. జవాబు రాకపోతే వారం, పది రోజులకు ఒక్కసారి గుర్తు చేయండి. ఆ తర్వాత ఆపేయండి.

చాలా కంపెనీల్లో రిజెక్ట్ అయినవాళ్లు మళ్లీ అప్లై చేయడానికి కొంత గడువు ఉంటుంది. కొన్నిచోట్ల అది ఆరు నెలలు. ఆ నియమం అదే తరహా పోస్టుకా, కంపెనీ మొత్తానికా అన్నది రిక్రూటర్‌ను అడిగి తెలుసుకోండి. అది తెలియకుండా అప్లై చేస్తే రెజ్యూమె ఎవరూ చూడకముందే పక్కకు పోవచ్చు.

జవాబును ఎలా అర్థం చేసుకోవాలి?

‘మీ వివరాలు మా దగ్గర ఉంచుతాం’ అంటే మర్యాదగా ముగించినట్టే. దాని మీద ఆశ పెట్టుకుని మిగతా అప్లికేషన్లు ఆపొద్దు. ‘రిక్రూటర్‌ను సీసీలో పెట్టాను’ అంటే విషయం కదిలినట్టు. అదే రోజు థాంక్స్ చెప్పి, ఇంటర్వ్యూకు వీలైన రెండు మూడు టైమ్‌లు రాయండి. ఒక రౌండ్ తగ్గొచ్చేమో గానీ, నేరుగా ఆఫర్ రాదు.

ఆ ఇంటర్వ్యూలో ‘డెవలపర్ కావాలనుకున్నారు కదా, టెస్టింగ్‌కు ఎందుకు వచ్చారు?’ అన్న ప్రశ్న దాదాపు ఖాయం. ‘అది రాలేదు కాబట్టి ఇది’ అంటే అక్కడితో సరి. అందుకే మెయిల్ పంపే ముందే ఒకటి తేల్చుకోండి. చేరాక కొన్నాళ్లలో డెవలప్‌మెంట్‌కు మారిపోవచ్చన్న లెక్కతో వెళ్తే ఇబ్బంది పడతారు. చాలా కంపెనీల్లో కొంతకాలం పనిచేశాకే టీమ్ మారనిస్తారు, అదీ అక్కడ ఖాళీ ఉంటేనే. రోజూ లాగ్స్ చూసి తప్పు ఎక్కడుందో వెతకడం మీకు నచ్చే పనేనా? అవునంటే జాబ్ ఐడీ రాసుకుని, ఆ పాత మెయిల్ తెరిచి రిప్లై నొక్కండి. కాదంటే థాంక్స్ ఒక్కటి చెప్పి, తర్వాతి ఇంటర్వ్యూకు మల్టీథ్రెడింగ్ చదువుకోండి.