బంజరు అనే మాట వెనుక: దర్శి మెట్టలో భూమి చేతులు మారే తీరు

దర్శి నుంచి దొనకొండ వైపు వెళ్తుంటే సాగర్ కుడి కాలువ నీరందే పొలాల్లో మిరప, పత్తి కనిపిస్తాయి. కాలువ అందని ఎత్తులో ఎర్రనేల, రాళ్లు, సర్కారు తుమ్మ. రెవెన్యూ భాషలో ఆ రెండోది 'బంజరు'. ప్రభుత్వ ప్రకటనల్లో 'నిరుపయోగ భూమి'. అదే నేలలో పొద్దున గొర్రెలు, మేకలు మేస్తాయి, మధ్యాహ్నం పొయ్యిలోకి కట్టెలు వస్తాయి, కొన్నిచోట్ల యానాది కుటుంబాలు తుమ్మను కాల్చి బొగ్గు చేసి అమ్ముకుంటాయి. ఈ వాడకాల్లో ఏదీ అడంగల్లో నమోదు కాదు. నమోదు కానిది లేనట్టే లెక్క. నయా ఉదారవాదం అనే పెద్ద మాటను ఈ చిన్న ఖాళీ గడి నుంచి చూస్తే బాగా అర్థమవుతుందని మా అభిప్రాయం.

ఇంగ్లండులో ఉమ్మడి భూములకు కంచెలు వేసి రైతులను కూలీలుగా మార్చిన చరిత్రను మార్క్స్ ఆదిమ సంచయనం అన్నాడు. అది పెట్టుబడి పుట్టుక నాటితో ముగిసిపోలేదని, ఉమ్మడి వనరులనూ ప్రభుత్వ ఆస్తులనూ లాక్కుని పోగేసుకోవడం ఇప్పటికీ సాగుతోందని డేవిడ్ హార్వే 2003లో వాదించాడు. తరగతి గదిలో ఇవి చదివినప్పుడు మాకు ఒక ఇబ్బంది ఎదురైంది. 'ఉమ్మడి' అనగానే అందరూ సమానంగా వాడుకున్న పాత పల్లె కళ్లముందు నిలుస్తుంది. మా జిల్లాలో అలాంటి పల్లె ఎప్పుడుంది? 1985 జూలైలో ఇదే పాత ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడికి ముందు జరిగిన గొడవ చెరువు నీళ్ల దగ్గర మొదలైంది. మాదిగలు తాగే నీళ్లను మురికి చేయొద్దని అడగడమే అక్కడ నేరమైంది. ఊరి ఉమ్మడికి ముందే కులం కంచె ఉంది. కాబట్టి పోయిన స్వర్గాన్ని వెనక్కి తెచ్చుకుందాం అనే వాదన మాకు సరిపోదు.

అంబేద్కర్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' పత్రం రాసినప్పుడు ఈ ముడిని వేరేలా విప్పాలని చూశారు. ప్రభుత్వం దగ్గరున్న సాగులో లేని భూములను ఒక సెటిల్మెంట్ కమిషన్ ధర్మకర్తగా ఉంచుకుని, షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేక గ్రామాలు ఏర్పరచాలని ఆయన ప్రతిపాదించారు. అంటే బంజరును ఎవరిదీ కాని భూమిగా చూడకుండా, దళితులకు బాకీ ఉన్న భూమిగా చూశారు. ఆ ప్రతిపాదన రాజ్యాంగంలోకి రాలేదు. దాని బదులు మనకు దక్కింది అసైన్‌మెంట్ పట్టా. మన ఊళ్లలో డీకే పట్టా, డి-ఫారం పట్టా అనేది దాన్నే.

ఈ పట్టా ఎలా పుడుతుందో కొంచెం నింపాదిగా చూడాలి, ఎందుకంటే భూమి పోయే దారి కూడా అదే. గ్రామంలో ప్రభుత్వ భూమి అంతా ఒకటి కాదు. చెరువు, వాగు, దారి, శ్మశానం, పశువుల మేత వంటి ఉమ్మడి అవసరాలకు విడిచిపెట్టినది పోరంబోకు. శిస్తు కట్టి ఎవరూ తీసుకోని సాగుయోగ్యమైన భూమి బంజరు. పాత మద్రాసు ప్రాంతపు బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో 15వది ఈ బంజరును పేదలకు ఎలా ఇవ్వాలో చెబుతుంది. పోరంబోకును నేరుగా పంచకూడదు, ముందు దాని వర్గీకరణ మార్చాలి. ఆ మార్పు ఒక ఫైలు మీద సంతకం. ఊళ్లో ఎవరికీ కనిపించదు. కంచె స్తంభాలు పాతడానికి చాలా ముందే కంచె పడేది అక్కడే.

ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్‌లో వచ్చిన జీవో 1142 తర్వాత ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మకూడదన్న షరతు పెట్టారు. 1977లో వచ్చిన 9వ చట్టం దానికి బలమిచ్చింది. అసైన్డ్ భూమిని అమ్మినా, ప్రైవేటు వ్యక్తులకు కుదువపెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు. రిజిస్ట్రార్ అలాంటి దస్తావేజు తీసుకోకూడదు. కొన్నవాడిని తహసీల్దారు ఖాళీ చేయించి భూమిని మొదటి పేదవాడికి తిరిగి అప్పగించాలి. కాగితం మీద మంచి కవచమే.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. మాల కావచ్చు, మాదిగ కావచ్చు. 1980లలో రెండెకరాల మెట్ట వచ్చింది. నేల చదును చేయడానికి, బోరు వేయడానికి డబ్బు లేదు. మిరప వేయాలంటే విత్తనం నుంచి కోత కూలీ దాకా ఎకరాకు పడే పెట్టుబడి ఆ ఇంటి ఏడాది కూలి కంటే ఎక్కువ. అయిదారేళ్లకు ఒక ఆసుపత్రి ఖర్చు వస్తుంది. పక్క పొలం ఆసామి డబ్బిచ్చి తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటాడు. ఈ అమ్మకం చెల్లదని ఇద్దరికీ తెలుసు. చెల్లదు కాబట్టే పట్టా భూమి ధరలో చిన్న వంతు మాత్రమే ఇస్తాడు. పేదవాడి భూమిని కాపాడాల్సిన నిషేధం ఇక్కడ కొనేవాడి చేతిలో బేరమాడే ఆయుధం అయ్యింది. కుటుంబం ఫిర్యాదు చేస్తే? చట్టం ప్రకారం భూమి తిరిగి రావాలి. కానీ ఫిర్యాదు ఇవ్వాల్సింది రేపు కూలికి పిలిచే మనిషి మీద. పైగా తిరిగి వచ్చిన భూమి రెండోసారి చేయి జారితే ఈసారి అది సర్కారుకే పోతుంది. కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ఈ వాస్తవాన్నే రాసింది: పంచిన భూమి చాలాచోట్ల పంచుకున్నవారి స్వాధీనంలో లేదు.

1990ల తర్వాత ఈ కథలోకి మూడో మనిషి వచ్చాడు. అంతకుముందు పక్క పొలం ఆసామికి మాత్రమే కావాల్సిన మెట్ట ఇప్పుడు సెజ్‌కి, పోర్టుకి, పారిశ్రామిక కారిడార్‌కి కావాలి. పట్టా భూమి కొనాలంటే ఖరీదు, వందల మందితో బేరం. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి అయితే ఒకే చోటు నుంచి వేల ఎకరాలు. 2008లో వాడరేవు, నిజాంపట్నం పోర్టులతో కలిపి తలపెట్టిన వాన్‌పిక్ ప్రాజెక్టు ప్రకాశం, గుంటూరు తీరంలో ఇలాగే వేల ఎకరాలను కలుపుకుంది. ఆ తర్వాత సీబీఐ కేసు, ఈడీ జప్తు, ఏళ్ల తరబడి కోర్టులు. రాష్ట్ర విభజన సమయంలో రాజధాని ఎక్కడన్న చర్చలో దర్శి నియోజకవర్గంలోని దొనకొండ పేరు వినిపించడానికి కూడా ముఖ్య కారణం అక్కడ సర్కారు భూమి విస్తారంగా ఉందన్న మాటే. ఆ భూమి మీద ఎవరు బతుకుతున్నారన్న ప్రశ్న ఆ చర్చలో మాకు వినిపించలేదు.

ప్రభుత్వం అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పరిహారం ఎంత అన్నది చాలాకాలం దయాధర్మంగానే నడిచింది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ రైతులకు కూడా పట్టాదారులతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కూడా అసైన్డ్ పట్టా ఉన్నవారిని భూయజమానుల నిర్వచనంలో చేర్చింది. అయినా అమరావతి భూసమీకరణలో అసైన్డ్ భూమి ఇచ్చినవారికి పట్టా రైతుల కంటే తక్కువ ప్లాటు కేటాయించారు. 'ప్రభుత్వం ఎలాగూ ఉత్తినే లాక్కుంటుంది' అన్న ప్రచారంతో దళితుల దగ్గర ముందే చౌకగా కొనేశారన్న ఆరోపణలు వచ్చాయి, కేసులూ నడిచాయి. ఆరోపణ సంగతి కోర్టు తేల్చాలి. కానీ అందులోని ఆర్థిక సూత్రాన్ని గమనించండి: భూమిని తీసుకోనక్కర్లేదు, తీసుకుంటామన్న భయం చాలు, ధర పడిపోతుంది.

2023లో తాళం రెండోవైపు నుంచి తీశారు. 1977 చట్టానికి చేసిన సవరణతో అసైన్ చేసి ఇరవై ఏళ్లు నిండిన సాగుభూమిని అమ్ముకునే హక్కు వచ్చింది. ఆ డిసెంబరులో వచ్చిన జీవో 596 అమలు పద్ధతి చెప్పింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితా నుంచి పదమూడు లక్షలకు పైగా ఎకరాలు బయటికి వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయంటూ ఈ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అప్పటికే పాతిక వేల ఎకరాల దాకా చేతులు మారాయి. ఆ జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో భూరికార్డులు కాలిపోవడం రాష్ట్రమంతా చూసింది.

ఇక్కడ ఉద్యమ మిత్రులతో మాకు చిన్న తేడా ఉంది. అమ్మకం హక్కు ఇవ్వడమే ద్రోహం అని మేము అనలేం. పక్క పొలం పట్టాదారు కూతురి చదువుకు అరెకరం అమ్ముకోవచ్చు, బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. దళితుడు మాత్రం భూమి ఉండీ అప్పు పుట్టని మనిషిగా ఉండాలా? ఆ ప్రశ్న న్యాయమైనదే. మా అభ్యంతరం వరుస గురించి. హక్కు దక్కాల్సింది స్వాధీనంలో ఉన్న అసలు లబ్ధిదారుకి, లేదా వారసులకి. కానీ మొదట తెల్లకాగితాల కింద ఉన్న భూములను తిరిగి అప్పగించలేదు. ఆ పని చేయకుండా తాళం తీస్తే మన ఊహాకుటుంబానికి ఏమవుతుంది? ముప్పై ఏళ్లుగా మిరప వేసుకుంటున్న ఆసామి వచ్చి, 'సంతకం ఒక్కటే బాకీ, పద రిజిస్ట్రార్ ఆఫీసుకి' అంటాడు. చౌకగా కొన్న భూమి ఆ రోజే పట్టా ధర పలుకుతుంది. లాభం మొత్తం అతనిదే.

ఇంకో పద్ధతిలో అమ్మకమే అక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో కనిగిరి నియోజకవర్గం పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. రాష్ట్రంలో 65 వేల కోట్ల రూపాయలతో ఇలాంటివి 500 కడతామన్నది ఒప్పందం. ముడిసరుకు నేపియర్ గడ్డి, దాన్ని పెంచేది బంజరు భూముల్లో అన్నారు. గడ్డి పెంచిన అనుభవం ఉన్న ఎవరినైనా అడగండి, నేపియర్ ఏపుగా రావాలంటే తడి కావాలి. కాలువ అందని ఎత్తులో ఆ తడి బోరు నుంచి రావాలి. అప్పుడు భూమితో పాటు కింది నీరు కూడా కంచెలోకి వెళ్తుంది, ఆ నీటిమీద ఆధారపడిన చుట్టుపక్కల తాగునీటి బావుల సంగతి వేరే లెక్క. ప్రభుత్వ భూమిని లీజుకిస్తే అద్దె సర్కారుకి వెళ్తుంది. మేకలు మేపిన మనిషికి, బొగ్గు కాల్చిన మనిషికి పరిహారం అడిగే గడి ఏ ఫారంలోనూ ఉండదు, ఎందుకంటే వాళ్లు రికార్డు ప్రకారం అక్కడ లేరు.

అందుకే ఊరికి ఒక ప్రాజెక్టు వస్తుందన్న కబురు తెలిసిన మొదటి వారంలోనే చేయాల్సిన పని కాగితాల్లో ఉంది. సర్వే నంబరు వారీగా మూడు పత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి: పాత రీసెటిల్మెంట్ రిజిస్టరు, ఇప్పటి అడంగల్, 22ఏ జాబితా. రిజిస్టరులో మేత పోరంబోకుగా ఉన్న నంబరు అడంగల్లో బంజరుగా మారి ఉంటే, ఆ మార్పు ఏ ఉత్తర్వుతో, ఏ తేదీన జరిగిందో సమాచార హక్కు కింద అడగాలి. డీకే పట్టా నంబరు దగ్గర అనుభవదారు కాలమ్‌లో వేరే పేరు ఉంటే, అది 1977 చట్టం కింద తహసీల్దారుకు ఇవ్వాల్సిన ఫిర్యాదుకు మొదటి ఆధారం. మేపుకునేవారి పేర్లు, ఎన్ని జీవాలు, ఏ నెలల్లో అన్నది రాసి గ్రామసభ తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాలి. సర్వే బృందం రాళ్లు పాతాక రాసిన జాబితాను అధికారులు కొత్తగా పుట్టించిందని కొట్టిపారేస్తారు. ముందు తేదీతో ఉన్న తీర్మానాన్ని అలా అనడం కష్టం.