మిరపకాయల పొత్తు: ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి?

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి, హైదరాబాద్ మలక్‌పేటలో మరొకరు. ఇద్దరూ కలిసి ఒక్క సీజనుకు, ఒక్క సరుకుకు పొత్తు పెట్టుకున్నారు. తేజ రకం 100 క్వింటాళ్లు. గుంటూరు ఆయన సరుకు సమకూర్చి పంపాలి, హైదరాబాద్ ఆయన అమ్మాలి, వచ్చిన లాభం చెరి సగం. దుకాణాలు ఎవరివి వారివే, బోర్డు మీద కొత్త పేరేమీ లేదు. సరుకు అయిపోతే పొత్తూ అయిపోతుంది. కామర్స్ పుస్తకాలు దీన్నే ఉమ్మడి వ్యాపారం లేదా జాయింట్ వెంచర్ అంటాయి. 1932 నాటి భాగస్వామ్య చట్టం 8వ సెక్షన్ కూడా ఇలా ఒక్క పని కోసం కలిసే పొత్తును గుర్తిస్తుంది. లాభం వాటాలు ముందుగా మాట్లాడుకోకపోతే సమానంగా పంచుకోవాలన్నది అదే చట్టం 13వ సెక్షన్‌లోని మాట.

సరుకు అమ్ముడుపోయాక ఇద్దరూ లెక్కకు కూర్చున్నారనుకుందాం. అంకెలు లెక్క సులువు కోసం నేను వేసుకున్నవి, ఈనాటి ధరలు కావు.

గుంటూరు ఆయన తన గోదాములో ఉన్న 50 క్వింటాళ్లు పెట్టాడు. ఇంకో 50 క్వింటాళ్లు యార్డులో కొన్నాడు. రెండింటికీ క్వింటా 14,000 చొప్పున 14,00,000. టిక్కీలకు, హమాలీకి, లారీ కిరాయికి 40,000. మొత్తం 14,40,000. మధ్యలో హైదరాబాద్ ఆయన కొనుగోలు కోసం 5,00,000 పంపాడు. హైదరాబాద్‌లో గోదాము అద్దె, చిల్లర ఖర్చులు 30,000 అయ్యాయి. అక్కడ 90 క్వింటాళ్లు 17,500 చొప్పున 15,75,000కు అమ్ముడుపోయాయి. అమ్మిపెట్టినందుకు 2 శాతం కమీషన్ ముందే మాట్లాడుకున్నారు కాబట్టి హైదరాబాద్ ఆయనకు 31,500 రావాలి. మిగిలిన సరుకులో 8 క్వింటాళ్లు ఆయనే 15,000 చొప్పున, అంటే 1,20,000కు తన కొట్టుకు తీసుకున్నాడు. 2 క్వింటాళ్లు ఎండి తరుగు పోయాయి.

ఇక్కడ చాలామంది తడబడేది ఆ 5,00,000 దగ్గర. హైదరాబాద్ ఆయన తన జేబులోంచి ఇచ్చాడు కదా, ఖర్చులో వేయాలి అనిపిస్తుంది. కానీ ఆ డబ్బుతో కొన్న మిర్చి ఇప్పటికే 14,00,000లో ఉంది. మళ్లీ వేస్తే ఒకే డబ్బు రెండుసార్లు ఖర్చయినట్టు, లాభం రావాల్సిన చోట 3 లక్షలు దాటిన నష్టం కనిపిస్తుంది. ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోయిన డబ్బు పొత్తుకు ఖర్చూ కాదు, రాబడీ కాదు. లాభం తేల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టి, ఇద్దరి మధ్య బాకీ తేల్చేటప్పుడు లోపలికి తేవాలి.

కాబట్టి ముందు లాభం. ఒక తెల్లకాగితం మీద ఎడమ పక్క పొత్తుకైన ఖర్చులన్నీ రాస్తారు: 14,40,000, 30,000, 31,500. మొత్తం 15,01,500. కుడి పక్క అమ్మకం 15,75,000, కొట్టుకు తీసుకున్న సరుకు 1,20,000. మొత్తం 16,95,000. తేడా 1,93,500. ఒక్కొక్కరికి 96,750. ఈ కాగితానికి మెమొరాండం ఖాతా అని పేరు. ఇది ఎవరి ఆవర్జాలోనూ భాగం కాదు, లాభం తేల్చడానికే పుట్టిన కాగితం.

ఆవర్జాలో మాత్రం ఎవరి చేతి మీదుగా జరిగింది వారే రాసుకుంటారు. గుంటూరు పుస్తకంలో హైదరాబాద్ అద్దె కనపడదు, అమ్మకమూ కనపడదు. అక్కడ ఉండేది ఒక్క ఖాతా: 14,40,000 డెబిట్, అందిన 5,00,000 క్రెడిట్, లాభం వాటా 96,750 డెబిట్. ఆయనకు రావాల్సింది 10,36,750. అవతలి పుస్తకంలో చేతికొచ్చింది అమ్మకం డబ్బు, కొట్టుకు తీసుకున్న సరుకు కలిపి 16,95,000. అందులోంచి పంపిన 5,00,000, ఖర్చులు 30,000, కమీషన్ 31,500, లాభం వాటా 96,750 తీసేస్తే మిగిలేది, అంటే ఆయన గుంటూరుకు పంపాల్సింది, 10,36,750. రెండూ ఒకటే. (పెద్ద పొత్తుల్లో ఇద్దరూ కలిసి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, వేరే పుస్తకాలే పెడతారు. ఒక్క లోడు మిర్చికి అంత హంగామా అక్కర్లేదు.)

నా దృష్టిలో అసలు బేరం ఆ 14,000 దగ్గర ఉంది. గుంటూరు ఆయన గోదాములోని 50 క్వింటాళ్లు ఎప్పుడో 12,000కు కొన్నవైతే? పొత్తులో 14,000కు వేస్తే, క్వింటాకు 2,000 చొప్పున 1,00,000 ఆయన సొంత లాభం. ముందుగా కొని నిల్వ పెట్టి, ధర పడిపోయే ప్రమాదం మోసింది ఆయనే కదా. కొన్న ధరకే వేస్తే ఆ లక్ష పొత్తు లాభంలో కలిసి, సగం హైదరాబాద్‌కు పోతుంది. రెండూ చెల్లే పద్ధతులే. సరుకు లారీ ఎక్కకముందే ఏది అనుకున్నారో ఒక ముక్క రాసుకుంటే 50,000 గొడవ తప్పుతుంది. కొట్టుకు తీసుకున్న 8 క్వింటాళ్ల ధరకూ ఇలాంటి కొలతే కావాలి. తరుగు పోగా మిగిలిన 98 క్వింటాళ్ల మీద 14,40,000 పంచితే క్వింటా సుమారు 14,694 పడింది. 15,000 అంటే పడిన ధరకు కాస్త పైన, మార్కెట్‌కు బాగా కింద. హైదరాబాద్ ఆయనకు మంచి బేరమే కుదిరింది. తరుగును మాత్రం విడిగా ఖర్చు రాయరు. మామూలు తరుగు భారం మిగిలిన సరుకే మోస్తుంది.

రెండు పక్కలా అంకె కలవలేదనుకోండి. గుంటూరు ఆయన తన 40,000 హమాలీ, కిరాయి సొంత ఖాతాలో రాసి, తెల్లకాగితం మీద వేయడం మరిచాడు. అప్పుడు లాభం 2,33,500 అవుతుంది. ఆయనకు రావాల్సింది 10,56,750 అని ఒక పుస్తకం, ఇవ్వాల్సింది 10,16,750 అని మరో పుస్తకం చెబుతాయి. తేడా సరిగ్గా 40,000. మరిచిన పద్దు ఒక్కటే అయితే ఆ తేడా అంకెనే పట్టుకుని వెతకండి, దొరుకుతుంది.

అంకె కలిసినంత మాత్రాన లెక్క నిజమని కాదు. రెండు చోట్లా రాయని పద్దు ఏ తేడా చూపదు. తరుగు అని రాసిన 2 క్వింటాళ్లు నిజంగా ఎండిపోయాయా, లేక ఎవరికైనా 17,500కు పోయాయా? పోయుంటే 35,000 అమ్మకం మాయమైనట్టు, 2 శాతం కమీషన్ పోగా అందులో 17,150 గుంటూరు ఆయనది. అది డెబిట్, క్రెడిట్‌లలో దొరకదు. లారీ ఎక్కినప్పటి కాటా చీటీ, మలక్‌పేటలో దిగినప్పటి కాటా చీటీ, అమ్మకం బిల్లుల్లోని తూకాలు పక్కపక్కన పెట్టి చూడాలి.