సీసా దాటిపోయాక చూసే పీఎల్‌సీ

కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీలో సీసాలు కన్వేయర్ మీద సెకనుకు ఒక మీటరు వేగంతో పోతున్నాయనుకుందాం. మూత సరిగా పడని సీసాను సెన్సర్ పట్టుకుంటే, గాలితో పనిచేసే పుషర్ దాన్ని పక్కకు నెట్టాలి. నిర్ణయం పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్‌ది. అది సెన్సర్ వైపు రెప్పవేయకుండా చూడదు. ఇన్‌పుట్లన్నీ ఒకసారి చదువుకుని, ప్రోగ్రామ్ మొత్తం నడిపి, ఔట్‌పుట్లకు ఆదేశాలిచ్చి మళ్లీ మొదటికి వస్తుంది. ఈ ఒక్క చుట్టుకు పట్టే కాలమే స్కాన్ టైమ్.

సీసా 60 మిల్లీమీటర్ల వెడల్పుంటే సెన్సర్ ముందు ఉండేది 60 మిల్లీసెకన్లే. స్కాన్ 20 మిల్లీసెకన్లయితే పీఎల్‌సీకి అది మూడుసార్లు కనబడుతుంది. తర్వాతెప్పుడో ప్రోగ్రామ్‌లో పాత బ్యాచ్ రికార్డులు వెతికే లూప్ చేరింది. వెతికినప్పుడల్లా స్కాన్ 80కి చేరుతోంది. ఇక కొన్ని సీసాలు అసలు కనబడవు. కనబడినవి కూడా 80 మిల్లీమీటర్ల వరకు ముందుకెళ్లిపోయి ఉంటాయి కాబట్టి, దెబ్బ పక్క సీసాకు తగలొచ్చు. సెన్సర్ లైటు మాత్రం ప్రతిసారీ వెలుగుతూనే ఉంటుంది. అందుకే సిబ్బంది ముందు సెన్సర్ మారుస్తారు, తర్వాత వైరు మారుస్తారు. ఆధారం దొరికేది పీఎల్‌సీ డయాగ్నస్టిక్స్‌లో. సీమెన్స్ S7-1500లో కనిష్ఠ, గరిష్ఠ సైకిల్ టైమ్‌లు కనిపిస్తాయి. ఆ రెంటికీ పొంతన లేకపోతే అనుమానించాల్సింది ప్రోగ్రామ్‌నే.

సీసా తనిఖీని ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి నడిచే పీరియాడిక్ టాస్క్‌లో పెట్టవచ్చు. దాని వంతు రాగానే ప్రధాన ప్రోగ్రామ్ ఆగి దారిస్తుంది. ఉష్ణోగ్రతను నియంత్రించే పీఐడీ లెక్కలకూ అదే చోటు, ఎందుకంటే రెండు లెక్కల మధ్య వ్యవధి మారితే ఫలితం తప్పుతుంది.

అయితే ఆ సమయం ప్రధాన ప్రోగ్రామ్ వాటాలోంచే పోతుంది. ప్రధాన ప్రోగ్రామ్‌కు 30 మిల్లీసెకన్ల పని ఉందనుకోండి. టాస్క్ ప్రతి 10లో 4 మిల్లీసెకన్లు తీసుకుంటే స్కాన్ 50 అవుతుంది. 9 తీసుకుంటే ఏకంగా 300 అవుతుంది!

అక్కడ వాచ్‌డాగ్ అడ్డుపడుతుంది. S7-1500లో మొదటినుంచీ పెట్టి ఉండే పరిమితి 150 మిల్లీసెకన్లు. అది దాటితే OB80 అనే బ్లాకును పిలుస్తుంది. ఆ బ్లాకు రాసి లేకపోతే కంట్రోలర్ ఆగిపోతుంది, లైను నిలిచిపోతుంది. పరిమితిని 500కు పెంచితే లైను మళ్లీ నడుస్తుంది కానీ, సీసాలు తప్పిపోవడం ఆగదు. అది చికిత్స కాదు, ఫిర్యాదు నోరు నొక్కడం. వెతికే లూప్‌ను స్కాన్‌కు పది రికార్డుల చొప్పున విడగొట్టడం, టాస్క్‌లో అవసరమైనంతే ఉంచడం సరైన దారి.

సెన్సర్ మారిన క్షణానే నడిచే హార్డ్‌వేర్ ఇంటరప్ట్ ఇంకా వేగవంతమైనది. అందులోనూ ఒక మెలిక ఉంది. ఇంటరప్ట్ పుషర్‌కు మామూలుగా ఆదేశమిస్తే, అది ప్రధాన చుట్టు పూర్తయ్యేదాకా మెమరీలోనే ఉండిపోతుంది. చిరునామా చివర `:P` చేర్చి `%Q0.0:P` అని రాస్తేనే ఆదేశం నేరుగా ఔట్‌పుట్ మాడ్యూల్‌కు వెళుతుంది.