నిల్వలున్నాయి, డాలర్లు లేవు

1997 జూన్ 30న థాయ్‌లాండ్ ప్రధాని చవలిత్ యోంగ్‌చయ్యూత్ తమ కరెన్సీ బాత్ విలువను తగ్గించే ప్రసక్తే లేదన్నారు. రెండు రోజులు తిరగకుండానే, జూలై 2న, ఆ దేశ కేంద్ర బ్యాంకు చేతులెత్తేసింది.

అంతకుముందు పుష్కర కాలానికి పైగా బాత్‌ను డాలరుకు దాదాపు 25 దగ్గర కట్టి ఉంచారు. రేటు కదలకపోతే ఎగుమతిదారుకు లెక్క సులువు, విదేశీ మదుపరికి ధైర్యం. ఆ ధైర్యమే కొంప ముంచింది. బాత్ అప్పుకన్నా డాలరు అప్పు వడ్డీ తక్కువ. రేటు ఎలాగూ మారదు కదా అని థాయ్ కంపెనీలు డాలర్లలో అప్పులు తెచ్చి బ్యాంకాక్‌లో భవనాలు లేపాయి. 1995 తర్వాత డాలరు బలపడింది. దానికి కట్టేసి ఉన్న బాత్ కూడా దాంతోపాటే పెరిగి, థాయ్ సరుకు బయటి దేశాల్లో ప్రియమైంది. 1996లో ఎగుమతులు ఆగిపోయాయి, కరెంటు ఖాతా లోటు జీడీపీలో 8 శాతం చుట్టూ తిరిగింది.

ఈ రేటు నిలవదని పసిగట్టిన స్పెక్యులేటర్లు బాత్‌లు అప్పు తెచ్చి మరీ అమ్మారు. రేటు నిలవాలంటే ఆ బాత్‌లన్నీ కేంద్ర బ్యాంకే డాలర్లిచ్చి కొనాలి. కొన్నకొద్దీ నిల్వలు కరుగుతాయి. పైగా మార్కెట్లో బాత్‌లు తగ్గి వడ్డీలు పెరుగుతాయి. రియల్ ఎస్టేట్ బాకీలు రాక అప్పటికే కుంగుతున్న ఫైనాన్స్ కంపెనీలు ఆ వడ్డీలను తట్టుకోలేవు.

అందుకని బ్యాంకు ఇంకో దారి పట్టింది. డాలర్లను ఇప్పుడే వదులుకోకుండా, కొన్ని నెలల తర్వాత ఇస్తామని ఫార్వర్డ్ ఒప్పందాలు రాసిచ్చింది. ఖాతాలో సొమ్ము చూపిస్తూనే ముందు తేదీలతో చెక్కులు రాసిచ్చినట్టన్నమాట. బయటికి ప్రకటించిన నిల్వలు 3,000 కోట్ల డాలర్ల పైమాటే. ఇవ్వాల్సినవి తీసేస్తే మిగిలేది 300 కోట్ల లోపే. ఈ లెక్క అప్పట్లో జనానికి తెలియదు. నా దృష్టిలో రేటును కట్టి ఉంచడం కన్నా ఈ దాపరికమే పెద్ద తప్పు. ఏడాది ముందే, చేతిలో డాలర్లుండగా రేటును కొంచెం సడలించి ఉంటే దెబ్బ ఇంత గట్టిగా తగిలేది కాదు.

కట్టు విప్పాక 1998 జనవరికల్లా డాలరుకు 50 బాత్‌లు దాటింది. బాత్‌లలో సంపాదించి డాలర్లలో తీర్చాల్సిన కంపెనీకి అప్పు రెట్టింపయింది. అప్పటికే దేశం ఐఎంఎఫ్ వాకిట్లో నిలబడింది.

మన రిజర్వు బ్యాంకు విదేశీ మారక నిల్వల్ని ప్రతి వారం ప్రకటిస్తుంది. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ అంకె ఒక్కటే. బ్యాంకు తన ఫార్వర్డ్ బాకీలను నెలవారీ బులెటిన్‌లో విడిగా ఇస్తుంది. నిల్వలు పెరిగాయన్న వార్త కనిపించినప్పుడు ఆ రెండో అంకెను కూడా ఒకసారి చూడండి.