ముడికి ఎంత? తివాచీ ధర వెనుక లెక్క

కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న రైతు ఒకాయన కొత్త ఇంటి హాలుకి తివాచీ కావాలని ఏలూరు వచ్చాడనుకుందాం. కొలత ఆరడుగులు బై తొమ్మిది. చేత్తో ముడి వేసిన ఉన్ని తివాచీ. నేతదారు కాగితం మీద 76,800 అని రాసిచ్చాడు. చూడగానే రైతు అన్నాడు: ‘‘ఏంటండీ, మరీ అంత చెప్పారు! అరవైకి చేసేయండి.’’

ఇక్కడ చాలామంది చేసే పని వెంటనే అరవైకి ఒప్పేసుకోవడం. బేరం కుదిరిందన్న తృప్తి ఇద్దరికీ ఉంటుందని అనుకుంటాం. ప్రయోగాలు అలా చెప్పడం లేదు. బేరసారాల మీద పనిచేసిన ఆడమ్ గలిన్‌స్కీ, ఆయన సహ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తాము అడిగిన మొదటి ధరకే అవతలివాళ్లు వెంటనే ఒప్పుకుంటే అడిగినవాళ్లకి సంతోషం తగ్గిందని తేలింది. కాసేపు లాగి, కాస్త ఎక్కువ ఇచ్చుకున్నవాళ్లే వాళ్లకంటే తృప్తిగా ఉన్నారు. కారణం తేలికే. ‘అరవై అనగానే ఒప్పుకున్నాడంటే యాభైకి కూడా ఇచ్చేవాడేమో’ అన్న ఊహ బుర్రలో దూరుతుంది. మొదటి అంకె ఉత్తుత్తిదని నేతదారే ఒప్పుకున్నట్టు అవుతుంది. వచ్చే ఏడాది ఆ రైతు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తే బేరం నలభై నుంచి మొదలవుతుంది.

మరి ఆ 76,800 ఉత్తుత్తి అంకె కాకపోతే, అది ఎక్కడి నుంచి వచ్చింది?

ఏలూరులో తివాచీ నేత పాతది. పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు ఈ విద్య తెచ్చాయని ఊళ్లో చెప్పుకుంటారు. నిలువు మగ్గం మీద పత్తి పడుగు బిగిస్తారు. రెండేసి పడుగు పోగుల చుట్టూ ఉన్ని ముక్క తిప్పి ముడి వేసి కత్తిరిస్తారు. ఒక వరస ముడులు పూర్తయ్యాక పేక దూర్చి, ఇనుప దువ్వెనతో గట్టిగా కొడతారు. మళ్లీ ఇంకో వరస. ఇక్కడ అసలు సరుకు ఉన్ని కాదు, ముడి. అంగుళానికి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది ముడులంటే చదరపు అంగుళానికి 64. ఆరు బై తొమ్మిది తివాచీలో 7,776 చదరపు అంగుళాలుంటాయి. అంటే మొత్తం దాదాపు అయిదు లక్షల ముడులు. చేయి తిరిగిన మనిషి రోజుకి ఆరువేల ముడులు వేస్తాడని లెక్కేస్తే, ఒక్క మనిషికి 83 రోజుల పని.

లెక్క కోసం రోజు కూలి 600 అనుకుందాం. కూలీ ఒక్కటే 49,800. ఉన్ని, నూలు, రంగు కలిపి 13,000. కడగడం, పైనూగు సమంగా కత్తిరించడం, అంచు కుట్టడం 4,000. మగ్గం అద్దె, అప్పు మీద వడ్డీ, నేతదారు లాభం అన్నీ కలిపి 10,000. ఈ రేట్లు ఊరికీ ఏడాదికీ మారతాయిగానీ, మూడింట రెండు వంతులు చేతి పనికే పోవడం అన్నది పెద్దగా మారదు. ఇప్పుడు 16,800 కోసేస్తే లాభం, వడ్డీ, అద్దె అన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఇంకా పదకొండు రోజుల కూలి ఎగిరిపోతుంది. ఆ పదకొండు రోజులు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి.

ఎక్కడ మిగుల్చుకుంటారో తివాచీలవాళ్లకి తెలుసు. రెండు పోగుల మీద వేయాల్సిన ముడిని నాలుగు పోగుల మీద వేస్తారు. దీన్ని జుఫ్తీ ముడి అంటారు. పని సగమైపోతుంది. పైనుంచి చూస్తే కొత్తలో తేడా కనబడదు. తివాచీని తిరగేసి, వెనకవైపు స్కేలు పెట్టి అడ్డంగా ఒక అంగుళంలో ముడులు లెక్కపెడితే దొరికిపోతుంది. ఎనిమిది ఉండాల్సినచోట నాలుగే ఉంటాయి. ఇలాంటి తివాచీ మీద నూగు పల్చగా ఉండి త్వరగా అరుగుతుంది, మడిచినచోట తెల్లని పత్తి పోగులు బయటపడతాయి.

మన తీరానికి ఈ అనుభవం కొత్త కాదు. భారతీయ హస్తకళల మీద 1880లో పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్, మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు దేశంలోని అత్యంత మేలైనవాటిలో ఉండేవనీ, ఇంగ్లిష్ దిగుమతిదారులు చౌక ముడిసరుకు పట్టుబట్టి అంటగట్టడంతో చెడిపోయాయనీ రాశాడు. ఒక్కచోట పట్టు సడలాక మిగతా మార్పులు నేతగాళ్లే చేసుకుంటూ పోయారన్నది ఆయన ఫిర్యాదు. తప్పంతా కొన్నవాళ్లదే అనడం కాస్త ఏకపక్షమే. ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు కదా.

మళ్లీ రైతు దగ్గరికి వద్దాం. ‘మరీ అంత’ అన్న మాటకి నేతదారు ముందు అడగాల్సింది ఒక్కటే: ‘‘దేంతో పోలిస్తే ఎక్కువనిపించిందండీ?’’ అడిగి ఆగాలి. ఆ నిశ్శబ్దాన్ని పూడ్చడానికి తనే ధర తగ్గించకూడదు. రైతు, ‘‘తాడేపల్లిగూడెంలో మా బావగారు ఇదే సైజు ముప్ఫైకి కొన్నారండీ,’’ అంటే అది బహుశా ముడి వేసింది కాదు. గుడ్డలోకి గన్నుతో ఉన్ని పొడిచి, వెనకాల రబ్బరు పాలు పూసి, దాన్ని కనబడకుండా ఇంకో గుడ్డ అతికిస్తారు. అదీ ఉన్నే, అదీ మెత్తగానే ఉంటుంది, కానీ అందులో ముడి లేదు. రెండూ తిరగేసి చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు. రొయ్యల రైతుకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కిలోకి ముప్ఫై తూగే రొయ్యనీ వంద తూగే రొయ్యనీ ఒకే రేటుకి ఆయన ఎన్నడూ అమ్మలేదు. అక్కడ కౌంట్ తగ్గితే ధర పెరుగుతుంది, ఇక్కడ పెరిగితే పెరుగుతుంది, అంతే తేడా.

‘‘కాదండీ, నా దగ్గర అరవైకి మించి లేదు,’’ అన్నాడనుకోండి. అప్పుడు మార్చాల్సింది రేటు కాదు, పని. అంగుళానికి ఎనిమిదికి బదులు ఏడు ముడులు వేస్తే చదరపు అంగుళానికి 49 అవుతాయి. కూలి 64 రోజులకి దిగి, మొత్తం 65,400 అవుతుంది. ఉన్ని ఖర్చు మాత్రం పెద్దగా తగ్గదు, ఎందుకంటే ముడి పలచనైతే దారం లావెక్కుతుంది. పైగా పూల అంచుల వంపు పోయి మెట్లు మెట్లుగా కనబడుతుంది. అదే ఎనిమిది ముడులు ఉంచి కొలతని అయిదు బై ఎనిమిదికి తగ్గిస్తే, కూలి 62 రోజులు. ఉన్నీ కడుగుడూ కూడా తగ్గి మొత్తం 59,800 వస్తుంది. హాలులో అంచు చుట్టూ ఆరేసి అంగుళాల నేల ఎక్కువ కనబడుతుంది, అంతే. నాకైతే ఈ రెండోదే మేలనిపిస్తుంది. రైతుకి రెండూ కాగితం మీద పెట్టి ఎంచుకోమనాలి.

ఇదంతా మొదటి అంకె నిజాయితీగా కట్టినప్పుడే నడుస్తుంది. బేరం ఆడతారని ముందే పదివేలు కలిపి చెప్పినవాడు ఈ లెక్క విప్పి చూపించలేడు. అసలు ధర దించకూడదనీ కాదు. మగ్గం ఖాళీగా ఉండి కూర్చోబెట్టి కూలి ఇవ్వాల్సిన నెలల్లో కొంత తగ్గించడం లెక్క ప్రకారమే లాభం. అప్పుడైనా బదులుగా ఏదో ఒకటి అడగాలి. సగం సొమ్ము ముందే ఇస్తే ఉన్నికి తెచ్చే అప్పు మీద వడ్డీ మిగులుతుంది, ఆ మేరకు తగ్గించవచ్చు. ఎంత తగ్గించారో, దేనికి తగ్గించారో బిల్లు మీద రాయాలి. అంగుళానికి ముడులెన్నో, కొలతెంతో, ఉన్ని ఏదో కూడా అక్కడే రాయాలి. సరుకు ఇంటికి చేరిన రోజు రైతు దాన్ని తిరగేసి, స్కేలు పెట్టి లెక్కపెట్టుకుంటాడు.