అతుకు కరగకపోతే అంకె పెంచొద్దు

మొబైల్ రిపేరు షాపుల్లోనూ, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లోనూ డిగ్రీలు చూపించే సోల్డరింగ్ స్టేషన్లు ఇప్పుడు మామూలైపోయాయి. నాబ్ తిప్పితే 200 నుంచి 480 డిగ్రీల దాకా వెళ్లే రకాలున్నాయి. ఇంత వెసులుబాటు చేతిలో ఉన్నా చాలామంది నాబ్‌ని 400 మీద పెట్టేసి ఇక దాని జోలికి పోరు. సోల్డర్ చప్పున కరుగుతోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. అలా కరగడానికి బోర్డూ బిట్టూ ఇచ్చుకునే మూల్యం అప్పటికప్పుడు కంటికి కనిపించదు.

ముందు సోల్డర్ సంగతి చూద్దాం. సీసం కలిసిన పాత రకంలో తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు ఉన్న తీగ అన్నిటికన్నా నెమ్మదస్తురాలు. సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, చల్లారేటప్పుడు అక్కడే గడ్డకడుతుంది. షాపుల్లో ఎక్కువగా దొరికే 60-40 రకం కూడా దాదాపు అంతే గానీ, గడ్డకట్టే ముందు కొన్ని డిగ్రీల పాటు ముద్దలా ఉంటుంది. ఆ క్షణంలో చెయ్యి కదిలితే అతుకు గరుకుగా మిగులుతుంది.

సీసం లేని సోల్డర్ రాజ్యం 2006 జులై 1న మొదలైంది. ఆ రోజు నుంచి ఐరోపా సమాఖ్య తన మార్కెట్లోకి వచ్చే ఎలక్ట్రానిక్ సరుకులో సీసానికి హద్దు పెట్టింది. మన దేశపు ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ అలాంటి హద్దు 2014 మే నుంచి వచ్చింది. దాంతో ఇప్పుడు ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్సు, రౌటరు, టీవీ, ఇలా దేన్ని విప్పినా లోపలి అతుకులు చాలావరకు సీసం లేనివే. వీటిలో బాగా వాడుకలో ఉన్న రకంలో తగరం 96.5 పాళ్లు, వెండి 3 పాళ్లు, రాగి అర పాలు ఉంటాయి. అది 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. వెండి ఖర్చు లేకుండా తగరంలో కాస్త రాగి మాత్రమే కలిపిన చౌక రకానికి 227 కావాలి.

అంటే రెండు జాతుల మధ్య తేడా 35 నుంచి 45 డిగ్రీలు, అంతే. మరి 183 దగ్గర కరిగేదానికి ఐరన్‌ను 300 దాటించడం ఎందుకు? బిట్ బోర్డును తాకగానే దాని వేడిని రాగి ప్యాడూ, పార్ట్ కాలూ లాగేసుకుంటాయి. బిట్ చల్లబడుతుంది, అతుకు వేడెక్కుతుంది, రెండూ మధ్యలో ఎక్కడో కలుస్తాయి. ఆ కలిసేచోటు సోల్డర్ కరిగే వేడికన్నా సుమారు 40 డిగ్రీలు పైన ఉంటేనే అది రాగి మీద చక్కగా పాకుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగిపోవాలి. ఈ లెక్కన మామూలు పనికి సీసం సోల్డర్‌కు 320 నుంచి 350, సీసం లేనిదానికి 350 నుంచి 380 డిగ్రీలు సరిపోతాయి. పని మొదలుపెట్టేటప్పుడు ఈ హద్దుల్లో కింది అంకెతోనే మొదలుపెట్టాలి.

స్టేషన్ మీద కనిపించే అంకె బిట్ దగ్గరున్న సెన్సర్ చెప్పేది. అతుకు దగ్గర ఎంత వేడి ఉందో దానికి తెలియదు. సూదిలాంటి సన్న బిట్ 380 చూపిస్తున్నా, పెద్ద ప్యాడ్‌ను తాకితే చివర చల్లబడిపోతుంది, వెనకనుంచి వేడి అందుకోవడానికి దారి చాలదు. ఉలిమొనలా వెడల్పున్న బిట్ 340 దగ్గరే ఆ పని ఇట్టే చేసేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సూదిమొన బిట్‌నే అంటగట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. చూడ్డానికి నాజూకుగా ఉంటుంది, అంకె పెంచే అలవాటును నేర్పేది కూడా అదే.

అంకె పెంచితే మొదట బలయ్యేది ఫ్లక్స్. సోల్డర్ తీగ నడిమిలో ఉండే ఈ రోజన్ పదార్థం రాగి మీది చిలుమును కరిగించి సోల్డర్‌కు దారి చేస్తుంది. మామూలు వేడిలో రెండు మూడు సెకన్లు ద్రవంగా నిలిచి పని పూర్తి చేస్తుంది. 400 దాటితే ఆ పని కాకముందే మాడిపోతుంది. తీగ తగిలించగానే చిటపటమని తుంపర్లు చిమ్మినా, పొగ గుప్పుమని ఒక్కసారిగా లేచినా వేడి ఎక్కువైందనే అర్థం. సవ్యంగా పెట్టిన అతుకు చుట్టూ మిగిలే ఫ్లక్స్ లేత పసుపుగా, పారదర్శకంగా ఉంటుంది. ముదురు గోధుమరంగులోకో, నలుపులోకో తిరిగితే మాడిందన్నమాట. ఆ పొగలో ఉన్నది సీసం కాదు, ఐరన్ వేడికి సీసం ఆవిరై లేచేంత జరగదు. కానీ రోజన్ పొగ ఉబ్బసం తెచ్చే రకం, దాన్ని పీల్చకుండా పక్కన చిన్న ఫ్యాన్ పెట్టుకోవాలి. సీసంతో ప్రమాదమల్లా చేతులకు అంటుకుని నోట్లోకి పోవడమే, అందుకని పని కాగానే చేతులు కడుక్కోవాలి.

ఫ్లక్స్ మాడిపోయాక సోల్డర్ మాట వినదు. బిట్ వెనక్కి తీసేటప్పుడు తోకలా సాగి, ముల్లులా నిలబడుతుంది. సీసం సోల్డరైతే పైభాగం మెరుపు పోయి ఇసుక రాలినట్టు గరుకవుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సీసం లేని సోల్డర్ సహజంగానే కాస్త మసకగా గడ్డకడుతుంది. ఆ మసకను చూసి అతుకు చెడిందనుకుని మళ్లీ మళ్లీ కాల్చేవాళ్లు ఉన్నారు, బాగున్న అతుకును చెడగొట్టేది అలాగే. మెరుపును బట్టి కాక అంచును బట్టి చూడాలి. సోల్డర్ ప్యాడ్ మీదికీ, కాలు మీదికీ పలచగా పాకి, లోపలికి వంగిన వాలుగా ఉంటే అతుకు మంచిదే. బంతిలా ఉబ్బి ప్యాడ్ అంచున ఆగిపోతే మంచిది కాదు.

రెండో సాక్షి బిట్టే. దాని లోపల రాగి, పైన ఇనుపపూత ఉంటాయి. చివర సోల్డర్ పొర వెండిలా మెరుస్తూ ఉన్నంతసేపూ వేడి బాగా దిగుతుంది. ఎక్కువ వేడిలో వదిలేస్తే ఆ పొర చిలుమెక్కి నల్లబడుతుంది, ఇక సోల్డర్ కాలిన పెనం మీద నీటిబొట్టులా జారిపోతుంది. నల్లబడిన బిట్ నుంచి వేడి దిగదు కాబట్టి సోల్డర్ కరగడం ఆలస్యమవుతుంది. అది చూసి అంకె ఇంకా పెంచుతారు, బిట్ ఇంకా నల్లబడుతుంది. ఇత్తడి పీచు మీద రుద్ది, కొత్త సోల్డర్ పూసి చూస్తే పాత వేడిలోనే పని జరుగుతుంది. సీసం లేని సోల్డర్‌లో తగరం ఎక్కువ, తగరం ఇనుపపూతను మెల్లగా తినేస్తుంది, వేడి పెరిగే కొద్దీ ఇంకా త్వరగా తింటుంది. పూతకు చిల్లు పడి లోపలి రాగి బయటపడితే ఆ బిట్ పని అయిపోయినట్టే.

ఇక బోర్డు. ఆకుపచ్చ ఫైబర్ బోర్డులోని ఎపాక్సీ మామూలు రకంలో 130, 140 డిగ్రీలకే మెత్తబడుతుంది. అంటే ప్రతి అతుకూ ఆ హద్దు దాటే పెడుతున్నాం. కొద్ది సెకన్లే కాబట్టి రాగి ప్యాడ్ అంటిపెట్టుకుని ఉంటుంది. ఎక్కువసేపు కాలిస్తే పట్టు వదిలి ప్యాడ్ లేచిపోతుంది. పార్ట్ కాలును కొద్దిగా కదిపితే ప్యాడ్ కూడా దాంతోపాటు కదలడం దీనికి గుర్తు. చౌక చార్జర్లలో కనిపించే గోధుమరంగు కాగితపు బోర్డుల్లో రాగి ఒకవైపే ఉంటుంది, రంధ్రం లోపల లోహపుపూత ఉండదు, కాబట్టి ప్యాడ్ ఇంకా తేలిగ్గా ఊడుతుంది. అతుకు చుట్టూ బోర్డు రంగు మారడం, లోపల తెల్ల మచ్చలు పుట్టడం, వైరు తొడుగు వెనక్కి ముడుచుకుపోవడం, ప్లాస్టిక్ కనెక్టరులో పిన్ను ఒరిగిపోవడం కూడా ఈ కోవలోవే. వీటికి కారణం ఎప్పుడూ పెద్ద అంకే కానక్కర్లేదు. బోర్డుకు భయపడి 280 పెట్టి పది పన్నెండు సెకన్లు నొక్కిపట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అంతసేపూ వేడి చుట్టుపక్కలకు పాకుతూనే ఉంటుంది.

సెట్‌టాప్ బాక్సులో పైన ఉబ్బిన కెపాసిటరు మార్చే పని తీసుకుందాం. ప్లగ్ తీసేసి, కరెంటు వైపు పెద్ద కెపాసిటరులో చార్జి లేదని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి, ప్లగ్ తీశాక కూడా అందులో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. ఉబ్బినదానికి రెండు కాళ్లు. ప్లస్ కాలు 350 దగ్గర రెండు సెకన్లలో కరుగుతుంది. మైనస్ కాలు ఉలకదు పలకదు, కారణం అది బోర్డంతా పరుచుకున్న గ్రౌండ్ రాగికి కలిసి ఉండటమే. ఎంత వేడి ఇచ్చినా ఆ రాగి లాగేస్తూ ఉంటుంది. చెయ్యి నాబ్ మీదికి పోయేది సరిగ్గా ఇక్కడే.

నాబ్ ముట్టకుండా, మొదట సన్న బిట్ తీసి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల ఉలిమొన బిట్ పెట్టాలి. ఆ కాలి మీద కాస్త ఫ్లక్స్ పేస్టు రాసి, సీసం కలిసిన 63-37 తీగను కొంచెం కరిగించి పాత అతుకులో కలపాలి. కొత్త సోల్డర్ పాతదానితో కలిస్తే మొత్తం మిశ్రమం కరిగే వేడి తగ్గుతుంది, పైగా ఆ తడి చుక్క బిట్‌కూ కాలికీ మధ్య వేడి దిగే వంతెన అవుతుంది. అప్పటికీ లొంగకపోతే హాట్ ఎయిర్‌తో ఆ ప్రాంతాన్ని సుమారు 100 డిగ్రీలకు ముందే వెచ్చబెడితే బిట్ మీద భారం తగ్గుతుంది. కెపాసిటరును ఒక కాలు తర్వాత ఇంకో కాలు కరిగిస్తూ కొంచెం కొంచెంగా ఒరగదీస్తూ బయటికి తేవాలి, బలంగా లాగితే రంధ్రం లోపలి పూత కూడా కాలితో వచ్చేస్తుంది. మూడు నాలుగు సెకన్లలో కదలకపోతే బిట్ తీసేసి, బోర్డు చల్లారాక మళ్లీ ప్రయత్నించాలి. రంధ్రాలను విక్‌తో శుభ్రం చేశాక, కొత్త కెపాసిటరుకు సీసం సోల్డరే వాడితే 330, 340 సరిపోతుంది. గ్రౌండ్ కాలికి పది ఇరవై డిగ్రీలు ఎక్కువ పెట్టినా తప్పులేదు, కానీ బిట్ మార్చిన తర్వాతే.

ఏ నాబూ లేని 25 వాట్ల ఐరన్‌తో పని చేసేవాళ్లకు ఈ అంకెలు అందుబాటులో ఉండవు. అలాంటి ఐరన్ ఖాళీగా స్టాండులో ఉన్నప్పుడే అన్నిటికన్నా ఎక్కువగా వేడెక్కుతుంది, అతుకు మీద పెడితే చల్లబడుతుంది. కాబట్టి మొదటి అతుకుకే ఎక్కువ ప్రమాదం. తడి స్పాంజి మీద ఒకసారి తుడిచి, వెంటనే కొత్త సోల్డర్ పూసి ఆ పొరను చూడాలి. కొన్ని సెకన్ల పాటు వెండిలా నిలిస్తే పనిలో దిగొచ్చు. కళ్లముందే బంగారు రంగుకో నీలానికో తిరిగితే కాసేపు స్విచ్ ఆపి, మళ్లీ తుడిచి చూసుకోవాలి. ఇలాంటి ఐరన్‌కు సీసం సోల్డరే అనువు. చిన్న ప్యాడ్ల మీద సీసం లేనిది కూడా కరుగుతుంది గానీ, గ్రౌండ్ రాగి మీద దానికి ఊపిరి చాలదు, అక్కడ 50, 60 వాట్ల ఐరన్ కావాలి.