పే స్లిప్‌లో టీడీఎస్ తేడా వస్తే పేరోల్‌ని ఏమని అడగాలి

జీతాలు పడిన మర్నాడు పేరోల్ విభాగానికి వచ్చే మెయిళ్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: "ఈ నెల నాకు టీడీఎస్ ఎక్కువ కట్ అయింది, సరిచేయండి." వెళ్లే జవాబూ ఒకే తీరు: "సిస్టమ్ లెక్క ప్రకారమే కట్ అయింది." ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అడిగినవారు చూసింది స్లిప్ మీది ఒక్క అంకె. జవాబిచ్చినవారి ముందున్నది ఏడాది మొత్తం లెక్క. ఆ లెక్క తెప్పించుకుని, అందులో ఏ వరుస తప్పో పట్టుకుని అడిగితే తప్ప ఈ సంభాషణ ముందుకు కదలదు.

స్లిప్ మీద కనిపించే టీడీఎస్ ఆ నెల జీతం మీద పన్ను కాదు. కంపెనీ మీ ఏడాది జీతం ఎంత ఉంటుందో అంచనా వేస్తుంది. అందులోంచి తీసేయాల్సినవి తీసేసి, ఏడాదికి పన్నెంతో కడుతుంది. ఇప్పటిదాకా కోసింది మినహాయించి, మిగిలిన దాన్ని మార్చి వరకు మిగిలిన నెలలతో భాగిస్తుంది. ఆ భాగఫలమే స్లిప్‌లోకి ఎక్కుతుంది. అందుకే బోనస్ పడినా, ఇంక్రిమెంట్ వచ్చినా, పెట్టుబడుల ప్రూఫులు తిరస్కరించినా ఆ అంకె మారిపోతుంది. జనవరి తర్వాత మారితే మరీ గట్టిగా తగులుతుంది, ఎందుకంటే భాగించడానికి రెండు మూడు నెలలే మిగిలి ఉంటాయి.

ఈ లెక్క మొత్తం ఉండే కాగితాన్ని ట్యాక్స్ కంప్యూటేషన్ షీట్ అంటారు. కొన్ని కంపెనీలు దీన్ని స్లిప్ కిందే అచ్చువేస్తాయి, మరికొన్ని పేరోల్ పోర్టల్‌లో పెడతాయి. ఎక్కడా కనబడకపోతే ముందు అడగాల్సింది దాన్నే. పనిలో పనిగా ఒక మాట. తెలుగు రాష్ట్రాల్లో నెలకు 20 వేలు దాటిన జీతం మీద స్లిప్‌లో కనిపించే 200 రూపాయల వృత్తి పన్ను రాష్ట్ర ప్రభుత్వానికి పోయేది, దానికీ టీడీఎస్‌కూ సంబంధం లేదు. రెండూ కలిపి చూసి కంగారుపడేవారు ఇంకా ఉన్నారు.

తేడాలు ఎక్కువగా వచ్చే సందర్భం ఏడాది మధ్యలో ఉద్యోగం మారడం. దాన్నే తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగిని 2025 సెప్టెంబర్ ఆఖరున ఒక కంపెనీ వదిలి, అక్టోబర్ 1న ఇంకోదాంట్లో చేరిందనుకుందాం. పాతచోట నెలకు 1,25,000 చొప్పున ఆరు నెలలకు 7,50,000. కొత్తచోట నెలకు 1,50,000 చొప్పున మార్చి దాకా 9,00,000. ఏడాది మొత్తం 16,50,000. ఆమె కొత్త పన్ను విధానంలో ఉంది, జీతం తప్ప వేరే ఆదాయం లేదు.

స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను పడే ఆదాయం 15,75,000. 2025-26 శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఆపై 4 లక్షలకు 10 శాతం చొప్పున 40,000, మిగిలిన 3,75,000కు 15 శాతం చొప్పున 56,250. అన్నీ కలిపి 1,16,250. దాని మీద 4 శాతం సెస్ చేరితే 1,20,900. పాత కంపెనీ నెలకు 8,125 చొప్పున అప్పటికే 48,750 కోసింది. ఇక కోయాల్సింది 72,150. ఆరు నెలలకు పంచితే నెలకు 12,025 పడాలి.

కానీ అక్టోబర్ స్లిప్‌లో 20,150 పడింది.

ఆమె చేరినప్పుడే ఫారం 12బి ఇచ్చింది. పాత కంపెనీ ఇచ్చిన జీతం, పీఎఫ్, కోసిన టీడీఎస్ వివరాలు కొత్త కంపెనీకి తెలియజేసే ఫారం అది. పోర్టల్‌లో కూడా పాత ఉద్యోగం వివరాల పేజీ నింపింది. అయినా ఎందుకిలా? షీట్ తెరిస్తే తెలిసింది. "పాత యజమాని జీతం" అన్న వరుసలో 7,50,000 సరిగ్గానే ఉంది. "పాత యజమాని టీడీఎస్" అన్నచోట సున్నా ఉంది. జీతం అంకె ఆమె చెప్పినమాట మీద తీసుకున్నారు, టీడీఎస్ అంకెకు రుజువు రాలేదని పక్కన పెట్టారు. దాంతో ఏడాది పన్ను 1,20,900 మొత్తాన్నీ ఆరు నెలల్లోనే రాబట్టడానికి సిస్టమ్ భాగించింది. "సిస్టమ్ లెక్క ప్రకారమే" అన్నది అందుకే నిజం. భాగహారం సరైనదే, లోపలికి వెళ్లిన అంకే తప్పు.

రుజువు దగ్గర ఒక చిక్కు ఉంది. పేరోల్ వాళ్లు అలవాటుగా పాత కంపెనీ ఫారం 16 అడుగుతారు. ఆర్థిక సంవత్సరం ముగిశాక, జూన్ 15లోగా ఇచ్చే ఫారం అది. అక్టోబర్‌లో ఎక్కడినుంచి తెస్తారు? దాని బదులు పాత కంపెనీ ఆఖరి పే స్లిప్, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం, అక్కడి ట్యాక్స్ కంప్యూటేషన్ షీట్ ఇవ్వవచ్చు. జులై-సెప్టెంబర్ త్రైమాసికానికి పాత కంపెనీ 24క్యూ రిటర్ను దాఖలు చేయడానికి గడువు అక్టోబర్ 31. కాబట్టి నవంబర్ నడుమకు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ ఫారం 26ఏఎస్‌లో ఆ 48,750 సాధారణంగా కనిపిస్తుంది. దాన్ని మించిన రుజువు పేరోల్‌కు అక్కర్లేదు.

ఆమె నవంబర్ జీతం కూడా పడ్డాక మెయిల్ రాసింది. అది దాదాపు ఇలా ఉంటే పని జరుగుతుంది:

"పేరోల్ విభాగం వారికి, నమస్కారం. నా ఉద్యోగి నంబరు ఫలానా. నవంబర్ ట్యాక్స్ కంప్యూటేషన్ షీట్‌లో పాత యజమాని జీతం 7,50,000 ఉంది, పాత యజమాని టీడీఎస్ మాత్రం 0 అని ఉంది. అది 48,750 ఉండాలి. ఫారం 12బి, సెప్టెంబర్ పే స్లిప్, 26ఏఎస్ ప్రతి జతచేశాను. నా లెక్కలో ఏడాది పన్ను 1,20,900. పాత కంపెనీ కోసింది 48,750, మీరు అక్టోబర్, నవంబర్‌లలో కోసింది 40,300 పోగా మిగిలేది 31,850. డిసెంబర్ నుంచి నాలుగు నెలలకు నెలకు సుమారు 7,963 పడాలి. డిసెంబర్ పేరోల్ మూసేలోగా సరిచేసి, సవరించిన షీట్ పంపగలరు. లెక్కలో తేడా ఉంటే ఏ వరుసలోనో తెలియజేయగలరు."

ఇందులో "ఎక్కువ కట్ అయింది" అన్న మాటే లేదు. ఏ వరుస, ఎంత ఉంది, ఎంత ఉండాలి, రుజువేది, ఎప్పటిలోగా. టికెట్ తీసుకున్న మనిషి ఇంకెవరినీ అడగనక్కర్లేకుండా మార్చేయగలడు. తేదీ కూడా లెక్కలోదే. చాలా కంపెనీల్లో ఆ నెల పేరోల్‌లో చేయాల్సిన మార్పులను 20కీ 25కీ మధ్య ఆపేస్తారు. 28న రాసిన మెయిల్ ఎంత బాగున్నా వచ్చే నెలకే.

డిసెంబర్ స్లిప్‌లో 7,963 చూసి ఆమె మళ్లీ కంగారు పడనక్కర్లేదు. ఉండాల్సింది 12,025 కదా అనిపించవచ్చు. రెండు నెలలు 8,125 చొప్పున ఎక్కువ పోయిన 16,250 మిగిలిన నాలుగు నెలల్లోనూ తగ్గుతూ వెనక్కి వస్తోంది. "కోసింది ప్రభుత్వానికి కట్టేశాం, వెనక్కి ఇవ్వలేం" అని పేరోల్ అంటే ఆ మాట సగమే నిజం. కోసిన సొమ్మును తర్వాతి నెల 7వ తేదీలోగా జమచేయాలి కాబట్టి నగదుగా తిరిగి ఇవ్వరు. కానీ అదే ఆర్థిక సంవత్సరంలో ముందు నెలల హెచ్చుతగ్గులను తర్వాతి నెలల కోతలో సర్దుకోవడానికి 1961 చట్టంలోని సెక్షన్ 192(3) యజమానికి వీలిచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి రావడంతో సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి, నెలనెలా సర్దే పద్ధతి మాత్రం అదే.

తప్పు ఎప్పుడూ మనకు నష్టం చేసే వైపే ఉండదు. జనం ఫిర్యాదు చేయని తప్పులే ఎక్కువ ప్రమాదం. ఇదే ఉద్యోగిని 12బి అసలు ఇవ్వకపోతే ఏమయ్యేదో చూడండి. కొత్త కంపెనీ దృష్టిలో ఆమె ఆదాయం 9,00,000 మాత్రమే. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 8,25,000. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి స్లిప్‌లో టీడీఎస్ సున్నా. ఆరు నెలలు చేతికి జీతం నిండుగా వస్తుంది. జులైలో రిటర్ను వేయబోతే 72,150 రూపాయలు ఒక్కసారిగా బాకీ తేలుతుంది, ముందస్తు పన్ను కట్టలేదని దాని మీద వడ్డీ కూడా పడుతుంది. చిన్న స్థాయిలో ఇదే తప్పు ఇంకోలా జరుగుతుంది. పాత జీతాన్ని 7,50,000 అని కాకుండా, స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక మిగిలిన 6,75,000 అని నింపితే, కొత్త కంపెనీ మళ్లీ ఒకసారి 75,000 తీసేస్తుంది. అప్పుడు పన్ను 11,700 తక్కువ పడుతుంది. మన లెక్కకన్నా తక్కువ కోస్తున్నారని తెలిసినా అదే మెయిల్ రాయాలి.

పేరోల్ చేతిలో లేని తేడాలూ ఉన్నాయి. ఏడాది మొదట్లో పన్ను విధానం ఏదో చెప్పకపోతే కంపెనీ కొత్త విధానంలోనే లెక్క కట్టాలి. మధ్యలో మార్చడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివారు గడువులోగా వేసే రిటర్నులో తమకు లాభమైన విధానం ఎంచుకుని, ఎక్కువ పోయింది రీఫండుగా తీసుకోవచ్చు. మార్చి పేరోల్ దాటిపోయిన తేడాలకూ ఇక అదే దారి. అద్దె రసీదులు ఫిబ్రవరిలో గుర్తొచ్చినవారు పేరోల్‌తో పోట్లాడటంకన్నా రిటర్నులో చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకో రకం తేడా స్లిప్‌కూ 26ఏఎస్‌కూ మధ్య వస్తుంది. స్లిప్‌లో కోత ఉంది, 26ఏఎస్‌లో లేదు. ఇది చూసి చాలామంది తొందరపడతారు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ కోతలు అక్కడ కనిపించేది కంపెనీ ఆ త్రైమాసికం రిటర్ను వేశాకే, దానికి గడువు జనవరి 31. ఫిబ్రవరి ఆఖరుకీ రాకపోతే అప్పుడు అడగాలి. అడిగేటప్పుడు "టీడీఎస్ కనబడటం లేదు" అనకుండా, ఏ త్రైమాసికం, స్లిప్పుల ప్రకారం ఎంత, 26ఏఎస్‌లో ఎంత అని రాసి, 24క్యూలో మీ పాన్ నంబరు ఎలా నమోదైందో చూడమనండి. పాన్‌లో ఒక అక్షరం తప్పితే మీ సొమ్ము మీ ఖాతాలో చేరదు. దాన్ని సరిచేయాల్సింది కంపెనీయే, ట్రేసెస్ పోర్టల్ ద్వారా కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసి. ఆదాయపు పన్ను శాఖకు మీరు నేరుగా రాసినా ఆ రికార్డు మారదు.

కోసిన సొమ్మును కంపెనీ అసలు జమ చేయకపోతే సంగతి వేరు. జీతంలోంచి కోసిన మేరకు పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని 1961 చట్టంలోని సెక్షన్ 205 చెప్పింది. అయితే కోశారని చూపించుకోవాల్సింది మీరే. ఆ నెలల పే స్లిప్పులు, కోత పోగా జీతం పడినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ అందుకు పనికొస్తాయి. ఉద్యోగం మానేసిన రోజే పోర్టల్ లాగిన్ పోతుంది, కాబట్టి స్లిప్పులూ కంప్యూటేషన్ షీట్లూ సొంత మెయిల్‌లోకి దించుకునే పని నోటీస్ పీరియడ్ మొదటి వారంలోనే అయిపోవాలి.